"చేతిలో ఒకటి": పదహారు దగ్గర కూడా ఇదే మాట నడుస్తుందా?

ఊదాకలం:
అందరికీ నమస్కారం. లెక్కలు చేసేటప్పుడు నోటితో అనుకునే మాటల గురించి ఒక సందేహం. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి మెమరీ అడ్రసులు కాగితం మీద కూడడం చూపిస్తున్నాను. ఒక బఫర్ 0x20001F9C దగ్గర మొదలవుతుంది, దాని సైజు 0x6E8. దాని తర్వాత ఖాళీ ఎక్కడి నుంచో తేల్చాలి. కుడిచివర C, 8. "పన్నెండూ ఎనిమిదీ ఇరవై, పదహారు పోను నాలుగు, నాలుగు వేసి చేతిలో ఒకటి" అన్నాను. "ఇరవై అన్నారుగా, సున్నా వేసి చేతిలో రెండు కదా?" అంది. పదహారు దగ్గర కట్ట కట్టాలని తనకి తెలుసు. అయినా నోటికి అదే వచ్చింది.

మొత్తం లెక్క ఇది. పై వరుసలో ఉన్నవి చేతిలో ఒకట్లు.

```
        111
  0x20001F9C
+ 0x000006E8
------------
  0x20002684
```

నా ప్రశ్న: "చేతిలో ఒకటి" అనే మాట పదులకే కట్టుబడి ఉందా? పదహారుతో చేసేటప్పుడు వేరే మాట వాడితే ఈ తికమక తగ్గుతుందా?

పలకాబలపం:
నలభై ఏళ్లకు దగ్గరగా లెక్కలు చెప్పినవాణ్ణి, నాకు తోచింది చెబుతాను. "చేతిలో ఒకటి" తప్పేమీ చేయలేదమ్మా. ఆ మాటలో పది అన్నదే లేదు. పక్క స్థానానికి ఒక కట్ట వెళ్లాలి, అక్కడికి చేరేదాకా పట్టుకో అని మాత్రమే దాని అర్థం. కట్టలో ఎన్ని ఉన్నాయో అది చెప్పదు.

తికమక పెట్టింది "ఇరవై" అనే మాట. మన అంకెల పేర్లు పది దగ్గర ముందే కట్ట కట్టేసి ఉంటాయి. "పదిహేను" అనగానే పదీ అయిదూ విడివిడిగా వినపడతాయి, కాబట్టి అయిదు వేసి ఒకటి చేతిలో పెట్టుకోవడానికి పిల్లవాడు ఆలోచించనక్కర్లేదు. పేరే లెక్క చేసి పెట్టింది. "ఇరవై నాలుగు" అన్నా అంతే, రెండు పదులూ ఒక నాలుగూ. మీ రెండో స్థానంలో వచ్చేది సరిగ్గా అదే: 9, E, చేతిలోది కలిపి ఇరవై నాలుగు. చెవికి రెండూ నాలుగూ వినపడతాయి, వేయాల్సింది ఎనిమిది, చేతిలో ఉండాల్సింది ఒకటి. చెవి చెప్పేదొకటి, చెయ్యి చేయాల్సింది ఇంకొకటి. ఆ అమ్మాయి చెవి మాట విన్నది, అంతే.

గళ్ళనోటు:
మాస్టారు చెప్పింది నిజమే కానీ దీనికి తేలికైన సూత్రం ఉంది. చేతిలో ఎప్పుడూ ఒకటే ఉంటుంది, రెండు రానే రాదు. F, F, ఇంతకు ముందు చేతిలో ఉన్న ఒకటి, అన్నీ కలిపినా ముప్పై ఒకటే. అందులో పదహారు ఒక్కసారే పోతుంది. కాబట్టి "రెండు" అని నోటికి వస్తే అక్కడే తప్పు పట్టుకోవచ్చు.

సాయంవేళ:
మేము చదువుకునేటప్పుడు 8085 కిట్ మీద ల్యాబ్ ఉండేది. అందులో కూడాక DAA అనే ఇన్‌స్ట్రక్షన్ వేసేవాళ్లం. అంకె తొమ్మిది దాటితే అది ఆరు కలుపుతుంది. కాగితం మీద కూడా అలాగే ఆరు కలుపుకుంటూ పోతే సరిపోతుంది కదా? C, 8 కలిపితే ఇరవై, దానికి ఆరు...

పాతసిరా:
సాయంవేళ గారూ, ఆ ఆరు అటువైపు పని చేసేది. మెషీన్‌కి పదహారు దగ్గర కట్ట కట్టడం పుట్టుకతోనే వచ్చు, దానికి ఎవరూ సాయం చేయక్కర్లేదు. పది దగ్గర కట్టమంటేనే దానికి కష్టం. 38, 45 అనే మామూలు అంకెల్ని అలాగే ఒక్కో బైట్‌లో పెట్టి కూడితే మెషీన్ 7D ఇస్తుంది. మనకు కావలసింది 83. DAA వచ్చి ఆరు కలిపి దాన్ని 83 చేస్తుంది. అంటే పదహారుకీ పదికీ ఉన్న తేడాని నింపుతుంది. అడ్రసులు కూడేటప్పుడు మనకి ఆ అవసరం లేదు, కలిపితే జవాబు చెడుతుంది. మీకు గుర్తున్న ఆరు మాత్రం నిజమే, ఈ ప్రశ్న వెనకాల ఉన్న ఇబ్బంది అంతా ఆ ఆరే.

ఊదాకలం గారి ప్రశ్నకి నా జవాబు: మాట మార్చొద్దు, మొత్తానికి పేరు పెట్టడం మానండి. "ఇరవై" అనే చోటికే వెళ్లకండి. C పదహారుకి నాలుగు తక్కువ. ఆ నాలుగు పక్కనున్న 8లోంచి తీసి C నింపితే, 8లో నాలుగు మిగిలింది. నాలుగు వేసి, చేతిలో ఒకటి. రెండో స్థానంలో E పదహారుకి రెండు తక్కువ. 9లోంచి రెండు తీస్తే ఏడు, చేతిలోది కలిపి ఎనిమిది. ఎనిమిది వేసి, చేతిలో ఒకటి. మూడో స్థానంలో F ఉంది, దానికి ఒక్కటే తక్కువ, చేతిలో ఒకటి రెడీగా ఉంది. F నిండిపోయింది, కింద ఉన్న 6 అలాగే దిగుతుంది, మళ్లీ చేతిలో ఒకటి. అది ఎడమపక్క 1తో కలిసి 2. చూడండి, తొమ్మిది దాటిన అంకె పేరు ఎక్కడా పలకలేదు, ఒక్క పదహారు తప్ప.

నింపడానికి సరిపోకపోతే కట్ట లేనట్టే. C పక్కన 3 ఉందనుకోండి, నాలుగు కావాలి, మూడే ఉన్నాయి, ఒకటి తక్కువైంది. పదహారుకి ఒకటి తక్కువంటే F. చేతిలో ఏమీ లేదు.

నేర్చుకోవాల్సింది ఆరు అక్షరాలే. A కి ఆరు తక్కువ, B కి అయిదు, C కి నాలుగు, D కి మూడు, E కి రెండు, F కి ఒకటి. ఇది నోటికి వస్తే చాలు.

ఊదాకలం:
ఇది చాలా బాగుంది పాతసిరా గారూ. రేపు తనతో ఇలాగే చేయించి చూస్తాను. గళ్ళనోటు గారి సూత్రం కూడా చెబుతాను.

నీలిరిబ్బను:
ఆ సూత్రం చెప్పే ముందు ఒక్క నిమిషం. నా పనిలో ఎక్కువగా మూడు కూడాల్సి వస్తుంది: మొదలు అడ్రస్, దానికి అర్రేలో ఎంత లోపలికి వెళ్లాలో అది, ఆ ఎలిమెంట్ లోపల ఫీల్డ్ ఎక్కడుందో అది. ఊదాకలం గారి లెక్కకే ఇంకో 0x1CC కలపండి.

```
        122
  0x20001F9C
  0x000006E8
+ 0x000001CC
------------
  0x20002850
```

కుడిచివర C, 8, C. ముప్పై రెండు, అంటే రెండు పదహార్లు పూర్తిగా. సున్నా వేసి చేతిలో రెండు. "రెండు వస్తే తప్పు" అని నేర్పితే ఇక్కడ సరైన జవాబుని కొట్టేసుకుంటారు. నేను చాలాకాలం అలాగే అనుకున్నవాళ్లతో పని చేశాను, మూడింటినీ ఒకేసారి కూడి, రెండు రాగానే బెదిరిపోయేవాళ్లు.

గళ్ళనోటు:
ఒప్పుకుంటాను, నేను చెప్పింది రెండు సంఖ్యలకే. మూడు కూడాల్సి వచ్చినప్పుడు రెండు రెండుగా కూడితే సూత్రం నిలుస్తుంది. నాకైతే అదే నయం అనిపిస్తుంది, వరుస ఒకటి ఎక్కువైనా.

పాతసిరా:
రెండు రెండుగానే మేలు, నిండింది ఎన్నిసార్లో లెక్కపెట్టే పని తప్పుతుంది.

ఇంకొకటి. కూడిక తప్పు పోవడం కన్నా, కూడకూడనిది కూడడమే నేను ఎక్కువ చూశాను. ఇదే బఫర్ సైజు `nm -S` లో చూస్తే 6e8 అని హెక్స్‌లో వస్తుంది. `readelf -s` లో చూస్తే 1768 అని మామూలు లెక్కలో వస్తుంది. ఆ 1768లో అక్షరం లేదు కాబట్టి హెక్స్ కాదని కంటికి తెలియదు. అలాగే కూడేస్తే 0x20003704 వస్తుంది. చివరి అంకె 4 సరైన జవాబులోదే, అందుకని మొదటి చూపుకి అనుమానం రాదు. లిస్టులో పక్క సింబల్ ఎక్కడ మొదలైందో చూస్తేనే బయటపడుతుంది: మనం కూడిన ముగింపు కంటే అది ముందే మొదలైతే రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నట్టు లెక్క, అది జరగదు కాబట్టి సైజుని అనుమానించాలి.

అలాగే 0x20002684 బఫర్‌లోది కాదు, దాని తర్వాతి మొదటి బైట్. బఫర్ చివరి బైట్ 0x20002683. ఊదాకలం గారు అడిగింది ఖాళీ ఎక్కడి నుంచి అని కాబట్టి సరిపోయింది. "ఎక్కడితో ముగుస్తుంది" అని అడిగితే ఒకటి తీసేయాలి. ఇక్కడ మన భాషలో "దాకా" అనే మాట కొంచెం ఇబ్బంది పెడుతుంది, అది కలిపి చెప్పినట్టా, వదిలి చెప్పినట్టా అనేది మనిషిని బట్టి మారుతుంది.

పలకాబలపం:
సరిచూసుకునే పద్ధతి ఒకటి నేను కలుపుతాను. మామూలు లెక్కలో అంకెలన్నీ కూడి తొమ్మిదులు తీసేసి చూసేవాళ్లం. పదహారు లెక్కకి పదిహేనులు తీసేయాలి. పైదానిలో 2, 1, F, 9, C కలిపితే ముప్పై తొమ్మిది, పదిహేనులు పోను తొమ్మిది. కిందిదానిలో 6, E, 8 ఇరవై ఎనిమిది, పోను పదమూడు. తొమ్మిదీ పదమూడూ ఇరవై రెండు, పోను ఏడు. జవాబులో 2, 2, 6, 8, 4 కలిపినా ఇరవై రెండే, పోను ఏడు. సరిపోయింది. చేతిలో ఒకటి ఎక్కడైనా మర్చిపోతే ఇది పట్టేస్తుంది, ఎందుకంటే మొత్తంలో ఒకటి తగ్గుతుంది. 6, 8 తారుమారుగా రాస్తే మాత్రం పట్టదు, 1768ని హెక్స్ అనుకున్నా పట్టదు, కూడిక సరిగ్గానే ఉంటుంది కదా.

సాయంవేళ:
మరి తీసివేతలో "అప్పు" అంటాం కదా, అక్కడ అప్పు తెచ్చినది పదహారు అవుతుందా? అప్పుడు పదహారుకి పక్కనున్న అంకె కలిపితే మళ్లీ ఇరవై, ఇరవై నాలుగు అనక తప్పదేమో.

పాతసిరా:
అవును, పదహారే. తప్పించుకోవచ్చు కూడా. 4లోంచి C పోదు, అప్పు తెచ్చారు. ఆ పదహారులోంచే C తీసేయండి, C కి తక్కువైన నాలుగే మిగులుతుంది. దానికి ఉన్న 4 కలిపితే ఎనిమిది. పక్క స్థానంలో ఒకటి తగ్గించడం మర్చిపోకండి.

గళ్ళనోటు:
"చేతిలో" కన్నా "మిగులు" అంటే మేలు కదా?

పలకాబలపం:
నేను ఒప్పుకోను. పదహారు పోను మిగిలింది కింద వేసే అంకె, పక్కకి వెళ్లేది కాదు. పాతసిరా గారి పద్ధతిలో ఆ "మిగిలింది" ప్రతి స్థానంలోనూ వస్తుంది. రెండిటికీ ఒకే మాటైతే పిల్లలు ఏది వేయాలో ఏది పట్టుకోవాలో తేల్చుకోలేరు.

నీలిరిబ్బను:
మాట ఏదైనా సరే, నేను మాత్రం "ఇరవై నాలుగు, పదహారు పోను ఎనిమిది" అనే అంటాను. నింపే పద్ధతి రెండు సంఖ్యలకి హాయిగా ఉంది కానీ, మూడో వరుస వచ్చేసరికి ఎవరిని ఎవరితో నింపానో మర్చిపోతున్నాను. ఇప్పుడే రెండుసార్లు వేరువేరు జవాబులు వచ్చాయి. రెండు రెండుగా కూడమంటారు, నాకు ఆ మధ్య వరుస రాయడం ఇష్టం ఉండదు.