గ్రానైట్ పనికి లింకు పంపాలి: మొత్తం ఫోటోలా, ఏరిన రెండా?

ఒంగోలు కెమెరా: చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసు వాళ్లు బ్లాక్ గెలాక్సీ స్లాబులకు ఫోటోలు తీయించాలట. ‘మీ వర్క్ లింకు పంపండి’ అని వాట్సాప్ పెట్టారు. నా లింకులో 300 పైగా ఫోటోలున్నాయి, ముప్పావు వంతు పెళ్లిళ్లే. రాయి ఒక్కసారీ తీయలేదు. మొత్తం పంపాలా, రెండు ఏరి పంపాలా? ఏరితే ఏవి?

కర్నూలు రోడ్డు స్టూడియో: మొత్తం పంపు తమ్ముడూ. నేనొకసారి రెండే చూపిస్తే, పెళ్లికూతురి మేనమామ ‘ఇంతేనా మీ పని?’ అనేశాడు. పైన మాత్రం బాగా వచ్చిన రెండు పెళ్లి ఫోటోలు పెట్టు. చెయ్యి తిరిగినవాడివని వాళ్లకే తెలుస్తుంది.

నెల్లూరు ట్రంకు రోడ్డు: అన్నా, పెళ్లివాళ్ల సంగతి మీరన్నట్టే. తెల్లవార్లూ జరిగే తంతును ఒక్కడు ఎలా పట్టుకున్నాడో వాళ్లు చూడాలి. స్లాబు వాళ్ల బాధ వేరు. పాలిష్ చేసిన నల్లరాయి అద్దంలాంటిది. ఎదురుగా నిలబడి తీస్తే రాయి బదులు షెడ్డు రేకులు, ట్యూబ్‌లైటు, తీసేవాడి చొక్కా పడతాయి. ఆ తలనొప్పి ఇతనికి తెలుసా అన్నదే వాళ్లు వెతికేది. ఎంత మంచి తలంబ్రాల ఫోటో అయినా దానికి జవాబు చెప్పదు.

ఒంగోలు తమ్ముడూ, మెరిసే వస్తువు ఏదైనా తీశావా? రంగులో తేడా రాకుండా వరసగా తీసిన పని ఉందా?

ఒంగోలు కెమెరా: ఉన్నాయన్నా. స్టీలు సామాన్ల కొట్టుకు బిందెలు తీశాను. మధ్యలో రంధ్రం చేసిన నల్ల గుడ్డ వెనక కెమెరా పెట్టి తీశాను కాబట్టి బిందెలో నేను కనపడను. చీరల షాపుకు 40 పట్టుచీరలు రెండు రోజులు తీశాను. లైట్లు కదపలేదు, ప్రతి చీరతో ముందు ఒకసారి కలర్ కార్డు పెట్టి తీసుకున్నాను.

నెల్లూరు ట్రంకు రోడ్డు: నీ రెండూ అవే.

కావలి లోగోలు: లింకు అంటే గుర్తొచ్చింది. పోయినేడాది ఒక రొయ్యల మేత వాళ్లకు నా డిజైన్లు పంపి వారం ఎదురుచూశాను. డ్రైవ్‌లో ఫోల్డరు Restricted అని ఉండిపోయింది, వాళ్లకు తెరుచుకోలేదు. అడగలేదు, ఇంకొకరికి ఇచ్చేశారు. ముందు Anyone with the link పెట్టి, ఇంట్లో వేరేవాళ్ల ఫోనులో తెరిచి చూడండి. మన ఫోనులో ఎప్పుడూ తెరుచుకుంటుంది.

చీమకుర్తి ఆఫీసు: మాదీ గ్రానైట్ ఆఫీసే, ఇలాంటి లింకులు మా దగ్గర నేనే తెరుస్తాను. లారీ లోడింగు మధ్యలో, ఫోనులో. మూడో ఫోటో దాటి ఎప్పుడూ వెళ్లలేదు, కాబట్టి రెండు చాలు. కానీ బిందె దగ్గర మీరు సగమే ఆలోచించారు. బ్లాక్ గెలాక్సీకి ధర పలికేది బంగారు చుక్కల వల్ల. ప్రతిబింబం రాకూడదని మెరుపంతా అణిచేస్తే చుక్కలూ పోతాయి, ఉత్త నల్లబండ మిగులుతుంది. అలా తీసినవాళ్లను చూశాం. లైటు పక్కనుంచి ఏటవాలుగా పడాలి.

నెల్లూరు ట్రంకు రోడ్డు: నిజమే, నాకు తట్టలేదు. తమ్ముడూ, ఆ 40లో నల్లచీర, జరీ బుటా ఉన్నది ఉందా? జరీ మెరవాలి, నలుపు బూడిద కాకూడదు. ఉంటే రెండో ఫోటో అదే.

ఒంగోలు కెమెరా: ఒకటుంది! షాపు వాళ్లనడిగి పంపుతాను. ఇలా రాశాను:

“నమస్తే సార్, స్లాబుల ఫోటోల గురించి. రెండు ఫోటోలు పంపుతున్నాను. మొదటిది స్టీలు బిందె: ఎదురుగా తీసినా అందులో కెమెరా, లైటు కనపడవు. మీ పాలిష్ రాయికీ ఇదే ఇబ్బంది. రెండోది నల్ల పట్టుచీర: పక్క లైటుతో జరీ చుక్కలు మెరిశాయి, నలుపు నలుపుగానే ఉంది. దీనితో కలిపి పట్టుచీరలు 40, రెండు రోజులు తీసినా రంగు మారలేదు. గ్రానైట్ ఇంతవరకు తీయలేదు. ఒక స్లాబు తీసి చూపిస్తాను, నచ్చితేనే మిగతావి. మిగిలిన పని కింది లింకులో ఉంది.”

చీమకుర్తి ఆఫీసు: బాగుంది. ‘గ్రానైట్ తీయలేదు’ మాత్రం కొట్టేయండి. మా సారు ఆ ముక్క దగ్గరే ఆగిపోతారు.

నెల్లూరు ట్రంకు రోడ్డు: వద్దు, ఉంచు. లింకు తెరిస్తే రాయి లేదని వాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. నువ్వే ముందు చెబితే ‘ఒక స్లాబు తీసి చూపిస్తా’నన్న మాటకు బలముంటుంది.

కర్నూలు రోడ్డు స్టూడియో: ఆ ఒక్క స్లాబుకు డబ్బు అడుగు తమ్ముడూ. ఊరికే తీస్తే ఊరికే చూస్తారు.

చీమకుర్తి ఆఫీసు: ఒక్కదానికి డబ్బంటే మా దగ్గర నడవదన్నా. ఆటో ఖర్చులు మాత్రం ఇస్తాం.

ఒంగోలు కెమెరా: ఆ వాక్యం ఉంచే పంపాను. డబ్బు మాట ఇంకా ఎత్తలేదు. రెండు నీలం టిక్కులు పడ్డాయి.