అప్‌డేట్: పక్క సెల్లార్ తవ్వకం, మా గోడల పగుళ్లు

నా ప్రశ్న: "పక్క ప్లాటులో సెల్లార్ తవ్వడంతో మా ఇంటి గోడలు పగిలాయి. ఖర్చు బీమా కంపెనీ ఇస్తుందా, బిల్డరే పెట్టుకోవాలా?"

బీమా కంపెనీ తిరస్కరించింది. మా భారత్ గృహ రక్ష పాలసీలో నేల కుంగడం వల్ల కలిగే నష్టానికి రక్షణ ఉన్నప్పటికీ, నిర్మాణం, తవ్వకం పనుల వల్ల జరిగిన నష్టాన్ని అదే నిబంధన మినహాయించింది. ఆ వాక్యాన్ని ముందే చదవనందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

పగుళ్లు పాతవేనని బిల్డర్ వాదించారు. అందుకని మా స్ట్రక్చరల్ ఇంజనీరు పగుళ్లకు అడ్డంగా సన్నని గాజు ముక్కలను ప్లాస్టర్‌తో అతికించి, పక్కనే తేదీలు రాశారు. పగులు ఇంకా కదులుతుంటే గాజు విరుగుతుంది. తొమ్మిది రోజులకు తవ్వకం వైపున్న వంటగది గోడ మీది రెండు ముక్కలు విరిగిపోగా, అవతలి గదిలోనివి చెక్కుచెదరలేదు. ఆ ఫొటోలతో లాయరు నోటీసు పంపాక బిల్డర్ ఆ వాదన మానుకున్నారు.

నిర్మాణ పనికి బిల్డర్ తీసుకున్న కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ బీమా పాలసీలో పక్క కట్టడాల ఆధారం బలహీనపడితే వర్తించే అదనపు కవర్ ఉంది గానీ, అది కట్టడం కొంతైనా కూలితేనే చెల్లిస్తుంది, ఇలాంటి పగుళ్లకు కాదు. చివరికి మరమ్మతు ఖర్చు బిల్డరే సొంతంగా భరిస్తానని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ముందుగా గుంత అంచుకు మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ వాల్ కట్టాలని, కొత్తగా అతికించిన గాజు ముక్కలు విరగకుండా నిలిచాకే పగుళ్లు పూడ్చాలని ఇంజనీరు షరతు పెట్టారు. ప్రస్తుతం ఆ గోడ పని నడుస్తోంది.