ఉచిత గైడ్‌కి ఫోన్ నంబర్ అడగాలా, వద్దా?

పోరంకి_డిజైనర్: విజయవాడలో ఇంటీరియర్స్ చేస్తాను. "ఇల్లు అందంగా సర్దుకునే 25 చిట్కాలు" అని పీడీఎఫ్ చేసి ఫేస్‌బుక్‌లో యాడ్ పెట్టాను. నంబర్ ఇస్తేనే డౌన్‌లోడ్. నంబర్లు బాగానే వస్తున్నాయి గానీ, ఫోన్ చేస్తే చాలామంది "ఏ గైడు? నేనేం అడగలేదే" అంటున్నారు. నంబర్ అడగడం మానేయనా?

యాడ్స్_పని: మానేస్తే యాడ్ డబ్బులు కృష్ణలో పోసినట్టే. తేడా ఫారంలో ఉంది. ఫేస్‌బుక్‌లోనే తెరుచుకునే ఫారంలో పేరు, నంబరు ప్రొఫైల్ నుంచి వాటంతటవే నిండిపోతాయి. ఏం నొక్కారో వాళ్లకే గుర్తుండదు, ఆ నంబరు పాతదీ కావచ్చు. సెట్టింగ్స్‌లో Higher intent పెట్టండి, పంపేముందు వివరాలు మరోసారి చూపిస్తుంది. నంబర్లు తగ్గుతాయి, ఒక్కోదానికి ఖర్చు పెరుగుతుంది.

కానూరు_ఫ్లాట్: నేనూ ఇలాగే ఒకరి గైడ్ తీసుకున్నానండీ, ఇక రోజుకో ఫోను. మా ఫ్లాటుకి ఇంకా గోడలే లేస్తున్నాయి! ఇంతకీ మీరు చదరపు అడుగుకి ఎంత తీసుకుంటారు?

గుంటూరు_సైట్స్: ఆమె చెప్పిందే అసలు సంగతి. అందం చిట్కాలు అద్దెకుండేవాళ్లూ దింపుకుంటారు. గైడ్ ఒక దశ కోసం రాయండి: "ప్లాస్టరింగ్‌కి ముందు వంటింట్లో పెట్టించాల్సిన కరెంటు పాయింట్లు". చిమ్నీ ప్లగ్ దాని కవర్ వెనక దాగే ఎత్తులో రావాలి, ఓవెన్‌కి 16 ఆంప్స్ పాయింటు కావాలి, వాటర్ ప్యూరిఫయర్ దగ్గర ప్లగ్‌తో పాటు నీళ్ల లైనూ ఉండాలి. ఇవి తప్పితే తర్వాత టైల్స్ పగలగొట్టాల్సిందే. ఇల్లు కట్టనివాడు ఈ గైడ్ ముట్టుకోడు.

నంబర్ మాత్రం అడగొద్దు. ఒకరు దింపుకున్నాక ఆ పీడీఎఫ్ ఎలాగూ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది, తిరగనివ్వండి. చివరి పేజీలో "మీ వంటింటి ప్లాన్ ఫొటో ఈ నంబరుకి పంపండి, పాయింట్లు గుర్తుపెట్టి ఇస్తాం" అని రాయండి. ప్లాన్ పంపినవాళ్ల నంబరు మీకు దానంతటదే వస్తుంది. ఆ గైడ్ క్యూఆర్ కోడ్ వైర్లు, స్విచ్‌లు అమ్మే షాపుల్లో పెట్టించండి. టైల్స్ షాపులో పెడితే అప్పటికే ఆలస్యం.

యాడ్స్_పని: షాపు వరకు సరే. యాడ్‌కి మాత్రం అలా కుదరదు. నెలకి నలుగురు ప్లాన్ పంపితే, ఎవరికి చూపించాలో ఫేస్‌బుక్‌కి ఏం తెలుస్తుంది? యాడ్ నొక్కగానే వాట్సాప్ తెరుచుకునేలా పెట్టి, గైడ్ అక్కడే పంపండి.

గుంటూరు_సైట్స్: అదీ నయమే, ఫారం కంటే. కానీ మొదటి మెసేజ్‌లోనే "ఇల్లు ఏ దశలో ఉంది?" అని అడగండి. తాళాలు చేతికొచ్చినవాళ్లకే ఫోన్ చేయండి. గోడల దశలో ఉన్నవాళ్లకి వుడ్ వర్క్ నెలల తర్వాత మాట, వాళ్లకి మెసేజ్ చాలు.

పోరంకి_డిజైనర్: పాయింట్లు గుర్తుపెట్టించుకుని పని మాత్రం వాళ్ల కార్పెంటర్‌తో చేయించుకుంటే?

గుంటూరు_సైట్స్: కొందరు చేయించుకుంటారు. పాయింట్లు ఇవ్వండి, క్యాబినెట్ కొలతలు ఇవ్వకండి.

కానూరు_ఫ్లాట్: మా ప్లాన్ ఎక్కడికి పంపాలండీ?