అప్‌డేట్: పాత రౌటర్ రీసెట్ చేసి తమ్ముడికి ఇచ్చేశాను

నా ప్రశ్న: "పాత వైఫై రౌటర్ మిర్యాలగూడలో ఉన్న మా చిన్నమ్మ కొడుక్కి ఇద్దామనుకుంటున్నా. రీసెట్ నొక్కినా మా పాత వైఫై పేరే వస్తోంది. ఎందుకు?"

చెప్పిన అందరికీ చాలా థాంక్స్. తప్పు నొక్కడంలోనే ఉంది. నా రౌటర్‌లో పాస్‌వర్డ్ కొట్టకుండా వైఫై కలిపే డబ్ల్యూపీఎస్‌కూ రీసెట్‌కూ ఒకటే బటన్. ఒక సెకను నొక్కితే డబ్ల్యూపీఎస్ మాత్రమే ఆన్ అవుతుంది, ఏదీ చెరగదు. ఈసారి కరెంటు ఆన్‌లో ఉంచి, లైట్లన్నీ ఒక్కసారిగా మిణుకుమనేదాకా పట్టుకున్నా, పది సెకన్లు పట్టింది. రెండు నిమిషాల తర్వాత అడుగున స్టిక్కర్ మీదున్న పేరుతో వైఫై కనిపించింది.

అక్కడితో ఆగలేదు. కేబుల్ పెట్టి బ్రౌజర్‌లో రౌటర్ సెట్టింగుల పేజీ `192.168.0.1` తెరిస్తే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమంది. లోపల ఇంటర్నెట్ పేజీలో మా నెట్ కనెక్షన్ యూజర్‌నేమ్ ఖాళీ. నాకు అన్నిటికన్నా భయం దాని గురించే. సిస్టమ్ లాగ్‌లో కూడా ఇప్పుడే ఆన్ అయిన నాలుగు లైన్లే ఉన్నాయి.

ఫోన్ యాప్‌లో మాత్రం రౌటర్ ఇంకా నా అకౌంట్ కిందే ఉంది. తీసేశాను. కొన్ని మోడళ్లలో ఇది తీయకుంటే కొత్తవాళ్లకు సెటప్ కాదు, అందుకే రీసెట్‌కు ముందే తీయడం మేలు. ల్యాప్‌టాప్‌లో దాచిన బ్యాకప్ ఫైల్‌లో పాస్‌వర్డులుంటాయని గుర్తొచ్చి అదీ డిలీట్ చేశా.

తమ్ముడు నిన్న నల్లగొండ వచ్చి తీసుకెళ్లాడు. రాత్రే వాళ్లింట్లో నెట్ వచ్చింది.