సూదితో ఎక్కించిన లీష్మానియా, ఈగ కుట్టి ఎక్కించిన లీష్మానియా: తేడా అంతా లాలాజలానిదేనా?

ప్రశ్నల పుట్ట:
లీష్మానియా అనే పరాన్నజీవిపై టీకా ప్రయోగాల గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో, చంపిన పరాన్నజీవులతో తయారుచేసిన టీకా, సూదితో చర్మంలోకి ఎక్కించిన లీష్మానియా నుంచి ఎలుకలను కాపాడింది. వ్యాధికారకాన్ని మోస్తున్న, రక్తం పీల్చే చిన్న ఈగ అయిన శాండ్‌ఫ్లై కుట్టినప్పుడు మాత్రం అదే టీకా కాపాడలేకపోయింది. శాండ్‌ఫ్లై లాలాజలంలో రక్తం గడ్డకట్టకుండా ఆపే పదార్థాలూ, మన రోగనిరోధక స్పందనను దారి మళ్లించే పదార్థాలూ ఉంటాయని తెలుసు. వాటిలో ఈ తేడాకు కారణం ఏది? ఈ ఈగలతో పనిచేసిన అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

దోమతెర:
నాకు అర్థమైనంతవరకు విషయం సులువైనదే. పరాన్నజీవి ఈగ లాలాజల గ్రంథుల్లో ఉంటుంది. లాలాజలం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కాబట్టి, కాలువకు అడ్డు తీసేసినట్లుగా పరాన్నజీవికి రక్తంలో దారి ఏర్పడుతుంది. సూదిలో ఆ పదార్థాలు ఉండవు కాబట్టి ఫలితం వేరుగా వస్తుంది.

సూక్ష్మలోకం:
దోమతెర గారు చెప్పినదానిలో సగం మలేరియాకు వర్తిస్తుంది. మలేరియా క్రిమి నిజంగానే దోమ లాలాజల గ్రంథుల్లో చేరి, లాలాజలంతో పాటు బయటకు వస్తుంది. లీష్మానియా మాత్రం శాండ్‌ఫ్లై జీర్ణనాళంలోనే పెరుగుతుంది. అక్కడ అది స్రవించే జిగురు నాళం ముందుభాగాన్ని మూసేయడంతో, ఈగ రక్తం పీల్చబోయినప్పుడు ఆ జిగురునూ పరాన్నజీవులనూ కలిపి చర్మంలోకి వెనక్కి కక్కుతుంది. అలా కక్కినవి చేరవలసింది కూడా రక్తప్రవాహంలోకి కాదు, కుట్టినచోట చర్మంలో ఉండే లేదా అక్కడికి వచ్చే తెల్ల రక్తకణాల్లోకి. అందువల్ల రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థాలు లీష్మానియాకు నేరుగా దారి తీస్తున్నాయని అనలేము.

ఆ పదార్థాలు ముందుగా ఈగ అవసరం కోసమే ఉన్నాయి. దోమ తన సన్నని తొండంతో రక్తనాళాన్ని వెతుక్కుంటుంది. శాండ్‌ఫ్లై నోటిభాగాలు పొట్టివి కాబట్టి అది చర్మాన్ని చీల్చి, అక్కడ ఊరిన రక్తపు మడుగును తాగుతుంది. కణాలు చిట్లినచోట ఏడీపీ అనే రసాయనం విడుదలై ప్లేట్‌లెట్లను పిలుస్తుంది. లాలాజలంలోని అపైరేజ్ అనే ఎంజైము దానిని విడగొట్టి ఆ పిలుపును ఆపుతుంది. శాండ్‌ఫ్లైలలో ఒకటైన లుట్జోమియా లాంగిపాల్పిస్ లాలాజలంలో లుఫాక్సిన్ అనే ప్రొటీను ఉంటుంది. అది రక్తం గడ్డకట్టే క్రమంలోని పదో కారకాన్ని నిరోధిస్తుంది, రోగనిరోధక వ్యవస్థలోని కాంప్లిమెంట్ చర్యలో ఒక మార్గాన్నీ అడ్డుకుంటుంది. అదే ఈగలోని మాక్సాడిలాన్ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, దానితో పాటు క్రిములను మింగే మాక్రోఫేజ్‌ల స్పందననూ మారుస్తుంది. కాబట్టి రక్తం కోసం కొన్ని, రోగనిరోధక శక్తిపై కొన్ని అని వీటిని రెండు గంపలుగా విడదీసి ప్రశ్న అడిగితే జవాబు దొరకదు.

అయితే మీరు చెప్పిన 2009 ప్రయోగంలో వాడినది ఫ్లెబోటొమస్ ప్రజాతి ఈగ, లుట్జోమియా కాదు. ఫ్లెబోటొమస్ పాపటాసి వంటి వాటిలో మాక్సాడిలాన్ ఉండదు, రక్తనాళాలను వెడల్పు చేసే పని అడినోసిన్ చేస్తుంది. ఒక ఈగ లాలాజలం గురించి చదివినదాన్ని ఇంకో ఈగకు అంటగట్టడం ఈ రంగంలో తరచుగా జరుగుతున్న పొరపాటు.

పాత పాఠకుడు:
నన్ను దోమలు కుడితే మొదట్లో పెద్ద దద్దుర్లు వచ్చేవి, ఇప్పుడు దాదాపు ఏమీ రావడం లేదు. అంటే దోమల వల్ల వచ్చే జబ్బులు నాకు సోకవని అనుకోవచ్చునా?

సూక్ష్మలోకం:
అనుకోకూడదు. దద్దురు మీ శరీరం లాలాజలంలోని ప్రొటీన్లకు చూపే స్పందన, క్రిమికి చూపేది కాదు. దోమకాట్లు పెరిగేకొద్దీ మొదట ఏ స్పందనా లేకపోవడం, తరువాత ఆలస్యంగా వచ్చే దద్దురు, ఆ పైన వెంటనే వచ్చేదీ ఆలస్యంగా వచ్చేదీ రెండూ, ఆ తరువాత వెంటనే వచ్చేది మాత్రమే, చివరికి మళ్లీ ఏమీ లేకపోవడం అనే క్రమాన్ని కీటక శాస్త్రవేత్త మెలన్‌బీ 1946లోనే వివరించాడు. మీరు ఆ చివరి దశలో ఉండవచ్చు.

కీటకశాల:
శాండ్‌ఫ్లైలను పెంచి ఎలుకల చెవులపై కుట్టించే పనిలో కొంతకాలం ఉన్నాను. చాలామంది ఈగల గ్రంథులను నూరి, ఆ ద్రవాన్ని పరాన్నజీవులతో కలిపి సూదితో ఎక్కించి, దానినే ఈగ కాటుకు ప్రత్యామ్నాయంగా చూపుతారు. 1988లో టైటస్, రిబేరో అనే పరిశోధకులు ఈ పద్ధతితోనే లాలాజలం లీష్మానియా సంక్రమణను పెంచుతుందని చూపారు, ఆ ఫలితం విలువైనదే. కాని నూరిన గ్రంథిలో ఈగ ఎన్నడూ ఉమ్మని కణాంతర్గత పదార్థాలు కూడా ఉంటాయి, గాయమేమో ఈగ చీల్చినది కాదు, జిగురు అసలే ఉండదు.

మా దగ్గర మరో చిక్కు కూడా ఉండేది. కడుపునిండా తాగిన ఈగ ఎక్కువ పరాన్నజీవులను వదిలి ఉంటుందని కొత్తవారు అనుకుంటారు. చాలాసార్లు జరిగేది ఇందుకు విరుద్ధం. నాళం మూసుకుపోయిన ఈగ సరిగా తాగలేక, పదే పదే పొడుస్తూ, పొడిచిన ప్రతిసారీ కొంత కక్కుతుంది. అందుకే కుట్టించిన తరువాత ఈగను కోసి, జీర్ణనాళంలో ఎదిగిన పరాన్నజీవులు ఉన్నాయో లేదో చూడకుండా ఆ ఎలుకను లెక్కలోకి తీసుకోకూడదు.

సూక్ష్మలోకం:
కీటకశాల గారు గాయం గురించి చెప్పినదే మొదటి ప్రశ్నకు దగ్గర జవాబు. 2008లో ఎలుక చెవిని సూక్ష్మదర్శిని కింద ప్రత్యక్షంగా చూసినప్పుడు, ఈగ కుట్టినచోటికి న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు గుంపులుగా చేరి లీష్మానియాను మింగడం కనిపించింది. పరాన్నజీవులు వాటిలో చావకుండా నిలిచాయి. ముందుగానే న్యూట్రోఫిళ్లను తొలగించిన ఎలుకల్లో సంక్రమణ పెరగలేదు, తగ్గింది. 2009 ప్రయోగంలో సూది గుచ్చినచోట న్యూట్రోఫిళ్లు త్వరగా తగ్గిపోయాయి, కుట్టినచోట మాత్రం నిలిచి ఉన్నాయి. ఈగ కుట్టిన తరువాత వాటిని తొలగించినప్పుడు, విఫలమైన టీకా పనితీరు మెరుగైంది. అంటే టీకా తయారుచేసిన టి కణాలనే రోగనిరోధక కణాలు లేకపోవడం కంటే, అవి పనిచేయవలసిన చోటే మారిపోవడం పెద్ద కారణమని నా అభిప్రాయం. ఆ మార్పులో లాలాజలం వాటా ఎంత, గాయం వాటా ఎంత, జిగురు వాటా ఎంత అన్నది మాత్రం ఆ ప్రయోగం విడదీసి చెప్పదు.

దోమతెర:
గ్రంథుల విషయం సరిచేసినందుకు ధన్యవాదాలు. అయితే 2000లో వచ్చిన ఇంకో పరిశోధనలో, వ్యాధికారకం లేని ఈగలు ముందుగా కుట్టిన ఎలుకలకు తరువాత లీష్మానియా నుంచి రక్షణ లభించిందని చదివాను. అలాంటప్పుడు లాలాజలానికి అలవాటు పడటమే మంచిది కదా, తెర ఎందుకు?

కీటకశాల:
ఆ ఫలితం నిజమే. లాలాజల ప్రొటీన్లను ముందే గుర్తుపట్టిన శరీరం కుట్టినచోట ఆలస్య స్పందనను రేపుతుంది, ఆ వాతావరణంలో లీష్మానియాకు నిలదొక్కుకోవడం కష్టమవుతుంది. కాని అది కొద్ది కాలంలో, ఒకే జాతి ఈగతో, ఎలుకల్లో చూసిన ఫలితం. ఎలుకలను దీర్ఘకాలం కుట్టిస్తూ పోయిన ప్రయోగంలో ఆ రక్షణ సడలిపోయింది. లుట్జోమియా ఇంటర్మీడియా లాలాజలం ముందుగా ఇచ్చిన ఎలుకల్లో లీష్మానియా బ్రెజిలియెన్సిస్ పుండు ఇంకా ముదిరింది కూడా. అడవిలో మిమ్మల్ని ముందు ఏ ఈగ కుడుతుందో, అది వ్యాధికారకాన్ని మోస్తోందో లేదో ఎవరూ నిర్ణయించలేరు కాబట్టి తెర కట్టుకోండి.

ప్రశ్నల పుట్ట:
అయితే వాటాలను విడదీయడానికి, వ్యాధికారకం లేని ఈగతో ముందు కుట్టించి, అదే చోట సూదితో పరాన్నజీవులను ఎక్కించిన గుంపును కూడా చేర్చితే సరిపోతుందా?

సూక్ష్మలోకం:
అది నేను తప్పక చేర్చే గుంపు. లాలాజలం, గాయం రెండూ ఉండి, జిగురు లేని స్థితి అందులో దొరుకుతుంది.

కీటకశాల:
నేను ఒప్పుకోను. ఈగ కుట్టినచోటే సూది గుచ్చితే రెండో గాయం చేరుతుంది, న్యూట్రోఫిళ్లు దేనికోసం వచ్చాయో తెలియదు. కుట్టినచోట పరాన్నజీవులు లేని ద్రవాన్ని సూదితో ఎక్కించిన గుంపు కూడా లేకపోతే, మీ పట్టికలో ఆ గడిని నేను నమ్మను.