అప్‌డేట్: ఉప్పాడ తీరరేఖలో రెండు రేట్ల తేడా

నా ప్రశ్న: "1990 నుంచి 2020 వరకు ఐదేళ్లకొక ఉపగ్రహ చిత్రం తీసుకుని, తీరం పొడవునా 100 మీటర్లకొక అడ్డరేఖ గీసి తీరం కదలికను కొలిస్తే, ఎండ్ పాయింట్ రేటు రిగ్రెషన్ రేటు కంటే ఎక్కువ కోత ఎందుకు చూపుతోంది?"

ఎండ్ పాయింట్ రేటు అంటే మొదటి, చివరి తీరరేఖల మధ్య దూరాన్ని ఏళ్లతో భాగించడం; రిగ్రెషన్ రేటు అంటే ఏడు తేదీల బిందువులన్నిటికీ దగ్గరగా పోయే సరళరేఖ వాలు. లోపం 1990 చిత్రంలో ఉంది: అది పాటు వేళ తీసినది. నేను తడి అంచునే తీరరేఖగా గీశాను కనుక, వాలు 1:40 ఉన్నచోట నీరు ఒక మీటరు తగ్గితే రేఖ 40 మీటర్లు సముద్రంవైపు జరుగుతుంది. 30 ఏళ్లతో భాగిస్తే ఏడాదికి 1.33 మీటర్ల లేని కోత పుడుతుంది. రిగ్రెషన్ కాపాడుతుందనుకున్నాను గానీ, అందులో మొదటి, చివరి తేదీలకే బరువెక్కువ కాబట్టి అక్కడా ఏడాదికి 0.86 మీటర్ల లేని కోత మిగిలింది. ఇప్పుడు ఏడు రేఖలనూ ఒకే నీటిమట్టానికి సరిదిద్దాను. రాతికట్ట ఎదుట ఉన్న అడ్డరేఖలకు మాత్రం, కట్ట కట్టకముందు, కట్టిన తర్వాత రేట్లను విడివిడిగా లెక్కిస్తున్నాను.