అప్‌డేట్: పేజీ పేజీకీ వయసు మారే చిట్టి, కారణం దొరికింది

నా ప్రశ్న: "బొమ్మల పుస్తకంలో మా చిట్టి మూడో పేజీలో ఐదేళ్ల పిల్ల, తొమ్మిదో పేజీలో పదేళ్ల పిల్లలా ఉంది. ఎందుకు?"

అందరికీ థాంక్స్. తల కొలత చూడమన్న సలహాతోనే చిక్కు వీడింది. మూడో పేజీలో చిట్టి ఎత్తు తన తలకు నాలుగున్నర రెట్లు, తొమ్మిదిలో ఆరు రెట్లు! కళ్లు కూడా కాస్త పైకి జరిగాయి. ప్రతి బొమ్మనూ ముందు పేజీ చూసి గీయడంతో తప్పు కొంచెం కొంచెంగా పెరిగింది. ఇప్పుడు ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి గీసిన ఒకే మోడల్ షీట్ గోడకు అంటించి, దాన్నే చూసి గీస్తున్నాను. కూర్చున్న బొమ్మలో మొత్తం ఎత్తు పనికిరాదు. చెయ్యి, కాలు విడివిడిగా తలతో కొలవాలి. వయసు సరిచేయడానికి గౌను రంగు, రిబ్బన్ మార్చడం మాత్రం దండగ. నాలుగు పేజీలు మళ్లీ గీశాను.